వందమందికి పైగా సంతకం చేసే వీడ్కోలు కార్డులో ఏ ఇద్దరి లైనూ ఒకటి కాకుండా ఎలా రాయించాలి

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక ఆఫీసులో మా సార్ రిటైరైనప్పుడు తొంభై మందిమి ఒక పెద్ద కార్డు మీద రాసిచ్చాం. ఆర్నెల్ల తర్వాత పెన్షన్ కాగితాల పని మీద వాళ్ల ఇంటికి పోతే ఆ కార్డు బీరువా మీద గోడకు ఆనించి ఉంది. "చదివిన్రా సార్?" అని అడిగిన. "చదివిన తమ్మి, ఒకటి చదివితే అన్నీ చదివినట్టే ఉన్నది" అన్నారు. కోపంగా అన్నది కాదు, మామూలుగానే అన్నారు, అందుకే నాకు ఎక్కువ బాధయింది. ఇంటికొచ్చాక ఫోన్‌లో ఉన్న ఆ కార్డు ఫోటో పెద్దది చేసి చూస్తే నిజంగానే సగానికి పైగా "మీ శేష జీవితం సుఖసంతోషాలతో గడవాలి", మిగతావి "మీ సేవలు మరువలేనివి", "హ్యాపీ రిటైర్డ్ లైఫ్". ముప్ఫై ఏళ్లు కలిసి పనిచేసిన మనిషికి తొంభై మంది కలిసి మూడంటే మూడు మాటలే చెప్పాం.

ఆ తర్వాత హనుమకొండ వచ్చాను. ఇక్కడ మా ఆఫీసులో సెక్షన్లు, మండలాల్లో ఉండేవాళ్లు, డ్రైవర్లు, అటెండర్లు, అవుట్‌సోర్సింగ్ వాళ్లు అందరూ కలిపి 118 మంది. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంట్ మేడం రిటైర్ అవుతున్నప్పుడు కార్డు పని నేనే అడిగి తీసుకున్నాను. ఆ కార్డు ఎట్లా చేశామో వరుసగా చెప్తాను. మీ ఆఫీసులో అరవై మంది ఉన్నా రెండు వందల మంది ఉన్నా పద్ధతి ఇదే.

ముందు కార్డు తిప్పడం ఆపండి

అన్ని కార్డులూ పాడయ్యేది ఇక్కడే. కార్డు కొంటారు, ముందు పెద్దసారు దగ్గరికి తీసుకుపోతారు, ఆయన పైన మధ్యలో ఒక మంచి మాట రాసి సంతకం పెడతారు, ఆ తర్వాత కార్డు సెక్షన్ సెక్షన్‌కు తిరుగుతుంది. ప్రతి మనిషీ పెన్ను పట్టుకుని ఏం చేస్తాడు? పైన ఎవరేం రాశారో చదువుతాడు. చేతిలో ఫైలు ఉంది, వెనక ఇంకొకరు నిలబడి ఉన్నారు, అరనిమిషంలో రాసి ఇచ్చేయాలి, కాబట్టి పైనున్నదాన్నే రెండు మాటలు మార్చి రాసేస్తాడు. మొదటి పది లైన్లు ఎట్లా ఉంటే మిగతా వంద అట్లాగే వస్తాయి. రాసేవాళ్లకు ప్రేమ లేక కాదు, ఎదురుగా అచ్చు కనిపిస్తోంది కాబట్టి దాంట్లోనే పోస్తారు.

అందుకే కార్డు బదులు చీటీలు పంచండి. ఏ-ఫోర్ కాగితాన్ని మూడుసార్లు మడిచి చింపితే ఎనిమిది చీటీలు వస్తాయి. 118 మందికి పదిహేను కాగితాలు చాలు. ఒకరి చీటీ ఇంకొకరికి కనిపించదు. రాసినవి తప్పయినా పర్వాలేదు, కొట్టేసి మళ్లీ రాయొచ్చు. కార్డు మీదైతే ఆ అవకాశం లేదు, తప్పు రాస్తామేమో అన్న టెన్షన్‌తోనే చాలామంది అందరూ రాసేదే రాస్తారు.

టైం విషయం. ప్రభుత్వ ఆఫీసుల్లో రిటైర్మెంట్ నెల చివరి రోజున ఉంటుంది, తేదీ ఏళ్ల ముందే తెలుసు, కాబట్టి హడావుడి పడాల్సిన పనే లేదు. ఆ నెల ఐదో తేదీకి చీటీలు పంచండి, పదిహేనుకు వసూలు చేయండి, ఇరవై ఐదుకు కార్డు మీద రాయడం అయిపోవాలి. చివరి రోజు ఆదివారమో సెలవో అయితే సభ ముందురోజే పెడతారు, అది కూడా ఇప్పుడే క్యాలెండర్ చూసుకోండి.

ఒక్కొక్కరికి ఎంత జాగా వస్తుందో లెక్క కట్టండి

ఇది ముందే ఎందుకంటే లైను ఎంత పొడుగు ఉండొచ్చో జాగానే చెప్తుంది. బజారులో దొరికే గ్రీటింగ్ కార్డు వందమందికి పనికిరాదు. మేం హనుమకొండ చౌరస్తా దగ్గర ప్రింటింగ్ షాపులో ఏ-టూ సైజు మందపు ఆర్ట్ కార్డు తీసుకున్నాం, మెరుపు లేనిది. మెరిసే కాగితం మీద జెల్ పెన్ను ఆరదు, చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. ఏ-టూ అంటే 59.4 సెంటీమీటర్లు పొడుగు, 42 సెంటీమీటర్లు వెడల్పు. చుట్టూ రెండేసి సెంటీమీటర్లు వదిలితే 55 ఇంటూ 38 మిగులుతుంది. దాంట్లో ఆరు సెంటీమీటర్ల వెడల్పు, రెండున్నర ఎత్తు ఉన్న గడులు గీస్తే అడ్డంగా తొమ్మిది, నిలువుగా పదిహేను, మొత్తం 135 గడులు పడతాయి. మధ్యలో మేడం పేరు, ఫోటో కోసం ఎనిమిది గడులు తీసేస్తే 127. మేం 118 మందిమి, తొమ్మిది గడులు మిగులు. ఆ మిగులు ఉండాలి, ఎవరో ఒకరు చివర్లో వస్తారు, ఒకరిద్దరు తప్పు రాస్తారు.

రెండున్నర సెంటీమీటర్ల ఎత్తులో తెలుగు మూడు వరుసలే పడుతుంది. మన రాతకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి వరుసకు కనీసం ఎనిమిది మిల్లీమీటర్లు కావాలి, అంతకన్నా ఇరికిస్తే పై వరుస వత్తు కింది వరుస తలకట్టు మీద కూర్చుంటుంది, చదవలేం. మూడు వరుసల్లో ఒకటి పేరుకు పోతే మాటకు రెండే మిగులుతాయి. ఆరు సెంటీమీటర్లలో మామూలు చేతిరాతతో మూడు నాలుగు మాటలు పడతాయి. అంటే మనిషికి ఆరు నుంచి ఎనిమిది మాటలు. ఇది నేను పెట్టిన నియమం కాదు, కాగితం పెట్టింది, అందుకే ఎవరికి చెప్పినా ఒప్పుకున్నారు.

చీటీ మీద ఖాళీ వదలకండి, ప్రశ్న రాయండి

"మేడం గురించి ఏదైనా రాయండి" అంటే మళ్లీ శేష జీవితమే వస్తుంది. ఖాళీ కాగితం చూస్తే సభలో మాట్లాడినట్టే రాస్తారు. ఒక చిన్న ప్రశ్న అడిగితే మాత్రం మనిషి తన కళ్లతో చూసింది చెప్తాడు. మేం నాలుగు ప్రశ్నలు పెట్టుకున్నాం, చీటీకి ఒక్కటే రాశాం, పక్కపక్క టేబుళ్లకు వేరువేరు ప్రశ్నలు పోయేటట్టు పంచాం.

మొదటిది, మేడం అనగానే మీ కళ్ల ముందుకు వచ్చే వస్తువు ఏది? రెండోది, ఆమె మీతో అన్న ఒక మాట అన్నది అన్నట్టు రాయండి. మూడోది, ఆమె దగ్గర నేర్చుకున్న ఒక్క పని ఏది? నాలుగోది, వచ్చే నెల ఒకటో తేదీ ఆమె కుర్చీ ఖాళీగా ఉంటే మీకు ఆగిపోయే పని ఏది?

ఒక్కో ప్రశ్నకు ఎట్లాంటి లైన్లు వచ్చాయో చూడండి. చిన్నచిన్న మార్పులతో ఇవే కార్డు మీదికి ఎక్కాయి.

వస్తువుకు:
"మీ ఎర్ర పెన్ను సెక్షన్‌కు వదిలిపోండ్రి మేడం."
"మీ టిఫిన్ డబ్బా చప్పుడే మాకు లంచ్ బెల్లు."
"సర్వపిండి బాకీ ఉంది. ఇంటికొచ్చి వసూలు చేస్తా."

మాటకు:
"'ట్యాగు కట్టినవా బిడ్డా?' ఇంకా చెవులనే ఉంది."
"'తప్పైతే దిద్దుదాం, దాచకు.' అట్లనే చేస్తున్న."

పనికి:
"నోటు ఎనిమిది లైన్లు దాటొద్దన్నరు. దాటలే మేడం."
"జీవో నంబరు కన్నా ముందు తేదీ చూడుడు నేర్పిన్రు."

ఆగిపోయే పనికి:
"జూలై ఒకటి ఇంక్రిమెంట్ ఎవరు యాది చేస్తరు?"

వీటిలో "గొప్ప", "మహోన్నత", "మరువలేని" లాంటి మాట ఒక్కటీ లేదు, ఎవరికీ చెప్పి తీయించింది కూడా కాదు. ప్రశ్న వస్తువు గురించి అడిగితే జవాబులో వస్తువే వస్తుంది. ఇంకో సంగతి, రాసేవాళ్లు ఎట్లా మాట్లాడతారో అట్లాగే రాయనివ్వండి. "యాది చేస్తరు" అన్నదాన్ని "గుర్తు చేస్తారు" అని దిద్దితే ఆ మనిషి గొంతు పోతుంది, మేడం చదివినప్పుడు ఎవరు రాశారో పేరు చూడకుండానే తెలియాలి. అక్షర దోషం ఉంటే అడిగి సరిచేయండి, యాసను మాత్రం ముట్టుకోకండి.

ఒకే సంగతి నలభై మంది రాస్తే

చీటీలన్నీ వచ్చాక ఒక పెద్ద టేబుల్ మీద పరచండి. భోజనాల గంటలో ఇద్దరు కూర్చుంటే సరిపోతుంది. ఒకే సంగతి ఉన్నవి ఒక కుప్పగా పెట్టండి. మా దగ్గర తేలిందేంటంటే 41 చీటీలు సర్వీస్ రిజిస్టర్ గురించో ఇంక్రిమెంట్ గురించో ఉన్నాయి. తప్పేం లేదు, ఎస్టాబ్లిష్‌మెంట్‌లో కూర్చున్న మనిషితో అందరికీ ఉండే పని అదే. టీచరుకు అయితే పాఠం, క్యాషియర్‌కు అయితే జీతం, డాక్టరుకు అయితే మందు, ప్రతి ఉద్యోగానికీ ఇట్లాంటి ఒక పెద్ద కుప్ప పడుతుంది. దాన్ని పారేయకండి, నిజం ఉన్నది అందులోనే. దాన్ని విడగొట్టాలి.

మేం పెట్టుకున్న పద్ధతి చాలా సింపుల్. ఏ మాట ఎవరు ముందు రాస్తే వాళ్లది. "ఎస్.ఆర్." అన్న మాట ఒకరికి, "ఇంక్రిమెంట్" ఒకరికి. మిగతావాళ్ల దగ్గరికి చీటీ పట్టుకుపోయి ఒక్కటే అడిగాను, "ఆ రోజు ఏమైంది, అది చెప్పు". అందరికీ ఇంక్రిమెంట్ ఒకటే కావచ్చు, ఆ రోజు మాత్రం ఒక్కొక్కరికి వేరు. ఒక తమ్ముడి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక అక్షరం తేడా ఉంటే మేడం నెల రోజులు వెంటపడి దిద్దించారు, అతని లైను "నా ఇంటిపేరుకు దీర్ఘం పెట్టించింది మీరే" అయింది. ఇంకొకామెకు ప్రసూతి సెలవు అయిపోయి వచ్చిన రోజే ఫైలు రెడీగా ఉంది, ఆమె "పాపతో వచ్చేసరికి ఫైలు రెడీగ ఉండె" అని రాసింది. మండలం నుంచి వచ్చే ఒకతను చాలాసేపు ఆలోచించి "ఏనాడు 'రేపు రా' అనలే" అన్నాడు. నాలుగే నాలుగు మాటలు. ఆఫీసులో పని ఉండి తిరిగినవాళ్లకు ఆ నాలుగు మాటల విలువ తెలుసు.

ఇట్లా మూడు రకాలుగా విడగొట్టొచ్చు. ఒకటి, ఆ రోజు ఏం జరిగిందో అడగడం. రెండోది, ఏ సంవత్సరం సంగతి అని అడగడం. మేడం 1990లో చేరారు, కాబట్టి పాత వాళ్ల దగ్గర ఇంకెవరికీ లేని రోజులు ఉన్నాయి. ఆమె ఇదే ఊళ్లో, ఇదే టేబుల్ దగ్గర ఉండగానే జిల్లా పేరు వరంగల్ నుంచి 2016లో వరంగల్ అర్బన్, 2021లో హనుమకొండ అయింది, లెటర్‌హెడ్లు, రబ్బరు స్టాంపులు మార్చుకుంటూ వచ్చారు. స్టాంపులు చేయించుకొచ్చిన సీనియర్ అసిస్టెంట్ రాసిన లైను ఇది: "జిల్లాకు మూడు పేర్లు, మీకు ఒకటే టేబుల్." కార్డు మొత్తంలో నాకు ఎక్కువ నచ్చింది ఇదే. 2023 జూలై వానలప్పుడు కింది గదిలోకి నీళ్లు వస్తే రిజిస్టర్లు పైకి మోసిన అటెండర్ "ఆ వానల రిజిస్టర్లు మోసినం, మనిద్దరమే" అన్నాడు. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది, మా వైపు ఆఫీసుల్లో చాలామందికి అక్కడ డ్యూటీ పడుతుంది, అట్లా ఒకామె "మేడారం చలిల మీ దుప్పట్ల సగం నాది" అని రాసింది.

మూడోది, ఎంత దూరం నుంచి చూశారో అడగడం. పక్క కుర్చీలో ఉన్నవాళ్లకు కనిపించింది వేరు, తలుపు దగ్గర కూర్చునే అటెండర్‌కు కనిపించింది వేరు, ఫోన్‌లో మాత్రమే మాట్లాడినవాళ్లకు వేరు. "ఫోన్‌ల గొంతే తెలుసు. ఇయాల మొఖం చూస్త" అన్నది ములుగు రోడ్డు అవతల మండలంలో ఉండే ఒక జూనియర్ అసిస్టెంట్ లైను. పెద్దసారు మామూలుగా "విష్ యూ హ్యాపీ రిటైర్డ్ లైఫ్" రాసేవారే, ఆయనకూ చీటీ ఇచ్చాం, నాలుగో ప్రశ్నతో. ఆయన రాసింది: "నా సంతకానికి ముందు మీ ఇనీషియల్ చూసేవాణ్ని." ఇది ఇంకెవరూ రాయలేరు, ఆ కుర్చీలో ఉన్నవాళ్లే రాయగలరు.

"మీ సేవలు మరువలేనివి" అన్న చీటీని ఎట్లా మార్చాలి

ప్రశ్న పెట్టినా కొందరు అదే రాస్తారు. పదిహేను మంది దాకా ఉంటారు. వాళ్లకు చీటీ తిరిగిచ్చి "ఇది బాగలేదు" అంటే మనసు నొచ్చుకుంటారు, రెండోసారి అసలే రాయరు. పక్కన కూర్చుని అడగాలి. అకౌంట్స్‌లో ఒక అన్నతో జరిగింది చెప్తాను.

"అన్నా, ఏ సేవ మరువలేవు?"
"అన్నీ తమ్మి. ఒకటా రెండా."
"ఒక్కటి చెప్పే. ముందు యాదికొచ్చింది."

కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. వాళ్ల నాయిన ఎం.జి.ఎం.లో ఉన్నప్పుడు పొద్దున మేడంకు ఫోన్ చేసి జి.పి.ఎఫ్. అడ్వాన్స్ అడిగాడట, దరఖాస్తు కూడా పెట్టలేదు. మేడమే ఒక మనిషిని ఆస్పత్రికి పంపి సంతకం తెప్పించి సాయంత్రం లోపల బిల్లు ట్రెజరీకి పంపారు. "అది రాయన్నా" అన్నాను. "అంత కథ ఈ గడిల పడతదా?" అన్నాడు. కథ మొత్తం అక్కర్లేదు, మేడంకు తెలుసు కదా. ఆమెకు గుర్తొచ్చేంత కొస ఒక్కటి చాలు. చివరికి రాసింది: "పొద్దున ఫోన్ చేస్తే సాయంత్రం బిల్లు పోయింది." ఆస్పత్రి మాట ఆయనే వద్దన్నాడు, అందరూ చదివే కార్డు కదా అన్నాడు, సరైన మాటే.

ఇక్కడ పట్టుకోవాల్సింది ఏంటంటే, చిన్న లైనులో సంగతి మొత్తం చెప్పాలని చూస్తే అది మళ్లీ "ఎంతో సహాయం చేశారు" అయిపోతుంది. జరిగినదాంట్లో చేత్తో పట్టుకోగలిగిన ఒక్క ముక్క తీసుకోండి, గంటో, వస్తువో, అన్న మాటో. మిగతాది చదివే మనిషి నింపుకుంటుంది.

లైను బాగుందో లేదో తెలుసుకోవడానికి నేను చేసేది ఒకటే. పోయిన ఏడాది రిటైరైన ఇంకొకరి పేరు పెట్టి చదువుతాను. అప్పుడూ సరిపోతే ఆ లైను ఇంకా తయారు కాలేదు. "మీ నవ్వు మాకు ధైర్యం" ఎవరికైనా సరిపోతుంది. "మీ ఎర్ర పెన్ను" ఇంకెవరికీ సరిపోదు, మా ఆఫీసులో ఎర్ర పెన్నుతో నోట్లు దిద్దింది ఆమె ఒక్కరే.

మేడంను సరిగా తెలియనివాళ్లు

118 మందిలో ఇట్లాంటివాళ్లు చాలామందే ఉంటారు. కొత్తగా చేరినవాళ్లు, వేరే బ్లాకులో ఉండేవాళ్లు. వీళ్లు లేని దగ్గరితనం రాస్తే చదివే మనిషికి వెంటనే తెలిసిపోతుంది. "అమ్మలా చూసుకున్నారు" అని మూడు నెలల కింద చేరిన పిల్లాడు రాశాడు, అడిగితే మేడంతో రెండుసార్లే మాట్లాడానన్నాడు. మరి ఆ రెండుసార్లే రాయి అన్నాను. "చేరి మూడు నెలలు. రెండుసార్లు చాయ్ ఇప్పించిన్రు." ఇది అమ్మ కన్నా బాగుంది, ఎందుకంటే జరిగింది.

ఒక్కసారి కూడా మాట్లాడని వాళ్లను దూరం నుంచి ఏం చూశారో అడగండి. "పది కొట్టకముందే మీ స్కూటీ నీడల ఉండేది" అని రాశాడు పార్కింగ్ దగ్గర ఉండే సెక్యూరిటీ అతను. అసలేమీ చూడలేదంటే బలవంతం వద్దు, పేరు, సెక్షన్, "పైలం మేడం" చాలు. కానీ "పైలం మేడం" కూడా ఒక్కరికే, రెండోవాళ్లకు "మంచిగుండుర్రి", మూడోవాళ్లకు "సల్లంగుండాలె". ఇంత చిన్న లైన్లు కార్డులో పదో పదిహేనో ఉంటే కంటికి కూడా ఊపిరాడుతుంది, అన్నీ ఎనిమిదేసి మాటలుంటే గోడకు అంటించిన నోటీసులాగా ఉంటుంది.

రాయడం రానివాళ్లు, రాయడానికి జంకేవాళ్లు కూడా ఉంటారు. ఊడ్చే అమ్మ ఒకామె "నాకేం రాయొస్తది బిడ్డా" అని చీటీ తీసుకోలేదు. ఆమె చెప్తుంటే నేను రాశాను: "ఫ్యాను సుత ఆమెనే వేసుకునేది, నన్ను పిలువకపోయేది." ఒక్క మాట మార్చలేదు. కింద పేరు మాత్రం ఆమె చేతితోనే రాసింది, పేరు రాయడం ఆమెకు వచ్చు. రానివాళ్లుంటే వేలిముద్ర వేయించండి, స్టాంపు ప్యాడ్ ప్రతి ఆఫీసులో ఉంటుంది. మా డ్రైవర్ అన్నకు ఉర్దూ రాత బాగా వచ్చు, ఉర్దూలోనే రాయమన్నాను. ఉర్దూ కుడి నుంచి మొదలవుతుంది కాబట్టి గడి ఎడమ అంచున కొంచెం జాగా వదలమని చెప్పండి, లేకపోతే పక్క గడిలోకి పోతుంది.

గొడవపడ్డవాళ్ల సంగతి కూడా చెప్పాలి. ప్రతి ఆఫీసులో ఒకరిద్దరు ఉంటారు. మా దగ్గర ఒకాయన చీటీ ఖాళీగా తిరిగిచ్చాడు. నేనేం అనలేదు, పేరు ఒక్కటి రాసినా చాలు అన్నాను. రెండురోజుల తర్వాత తనే తెచ్చిచ్చాడు: "గట్టిగ మాట్లాడింది నేను. ముందు పలకరించింది మీరు."

కార్డు మీదికి పోకూడనివి

"శేష జీవితం" అన్న మాట నేను ఎవరి చీటీలో కనిపించినా తీయించాను. శేషం అంటే మిగిలింది. 61 ఏళ్ల మనిషి ఇంటికి పోతుంటే వందమంది కలిసి మిగిలిన రోజులు బాగుండాలి అనడం ఏం బాగుంటుంది? వయసు మీద, మోకాళ్ల నొప్పి మీద, షుగర్ మీద జోకులు కూడా వద్దు. మేడం ఎవరికి అప్పిచ్చారు, ఇంట్లో ఏం కష్టం వచ్చింది లాంటివి రాసినవాళ్లు ప్రేమతోనే రాస్తారు, కానీ ఆ కార్డును కోడలూ, అల్లుడూ, మనవలూ, వచ్చిన చుట్టాలూ అందరూ చదువుతారు. అట్లాంటి చీటీలను కార్డు మీద ఎక్కించకుండా కవర్‌లో పెట్టి విడిగా ఇచ్చాం. ఆఫీసులో పంచుకున్న మెసేజ్‌ల నుంచి ఎత్తి రాసిన కవితలు నాలుగు వచ్చాయి, వాటికీ అదే దారి.

కార్డు మీద రాయించడం

లైన్లన్నీ తేలాక ఒక కాగితం మీద అన్నీ వరుసగా రాసుకుని ఒకసారి గట్టిగా చదవండి. చెవికి తెలిసిపోతుంది, "మేడం" అన్న మాటతోనే ఇరవై లైన్లు మొదలైతే కొన్నింటిలో చివరికి జరపాలి, కొన్నింటిలో తీసేయాలి. మా దగ్గర "మిస్ అవుతాం" ఆరుసార్లు వచ్చింది, ఒకటి ఉంచి ఐదుగురితో మాట్లాడాను.

గడులు పెన్సిల్‌తో సన్నగా గీయండి, తర్వాత రబ్బరుతో చెరిపేయొచ్చు. గడి మూలలో చిన్నగా నంబరు వేసి, ఆ నంబరు చీటీ మీద కూడా వేయండి. ఒక సెక్షన్ వాళ్లందరినీ ఒకే చోట పెట్టకండి, పెద్దసారు పక్కన ఊడ్చే అమ్మ లైను ఉండాలి, రిజిస్టర్లు మోసిన అటెండర్ పక్కన కొత్త పిల్లాడిది. మేం పెద్ద లైన్ల మధ్య చిన్నవి వచ్చేటట్టు నంబర్లు వేశాం. కార్డును ఒక టేబుల్ మీద పెట్టి ఒక్కొక్కరినీ పిలిచి వాళ్ల చీటీ చూసి వాళ్ల గడిలో వాళ్ల చేతితోనే రాయించండి. చక్కటి రాత ఉన్న ఒక్కరితో మొత్తం రాయిస్తే అందంగా ఉంటుందని కొందరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ముప్ఫై ఐదేళ్లు ఫైళ్లలో ఈ చేతిరాతలే చూసిన మనిషి ఆమె, ఎవరి "క" ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు.

మామూలు బాల్‌పెన్ను ఇవ్వండి, నీలం, నలుపు రెండూ పెట్టండి. సంతకం ఒక్కటే పెడితే ఏడాది తర్వాత ఎవరిదో తెలియదు, కాబట్టి మూడో వరుసలో పేరు పూర్తిగా, పక్కన సెక్షన్. మండలాల నుంచి రాలేనివాళ్లు చీటీ మీదే బాగా రాసి పంపితే, గడి సైజుకు కత్తిరించి అంటించండి. మేం ఏడుగురివి అట్లా అంటించాం, చూడ్డానికి బాగానే ఉంది.

లామినేషన్ చేయించాలనుకుంటే రాత ఒకరోజు పూర్తిగా ఆరనివ్వండి, తడి ఇంకు మీద వేడి తగిలితే పాకుతుంది. లామినేషన్‌కు ముందే ఫోటో తీయండి, తర్వాత తీస్తే ట్యూబ్‌లైటు మెరుపు పడి సగం లైన్లు కనిపించవు. ఒక్క ఫోటోలో అన్నీ చదవడానికి రావు, కార్డును నాలుగు భాగాలుగా అనుకుని నాలుగు తీయండి. చీటీలు పారేయకండి. కార్డుకు అంటించినవి, కవర్‌లో పెట్టినవి పోగా మిగిలిన చీటీలన్నింటికీ రంధ్రం చేసి ఫైలు ట్యాగు కట్టి మేడంకు కార్డుతో పాటు ఇచ్చాం, కొట్టివేతలు ఉన్నవి ఉన్నట్టే. ఆమె శాలువా కూడా తీయకుండా ముందు ఆ కట్టే చేతిలోకి తీసుకుని, ట్యాగు ముడి చూసి, "ఎవరు కట్టిన్రు, మంచిగ కట్టిన్రు" అన్నారు.